న్యూకమ్ 66 రీడింగులు: మీడియన్ చుట్టూ ఉన్న అనిశ్చితిని బూట్‌స్ట్రాప్‌తో కొలవడం

1882లో జూలై నుంచి సెప్టెంబరు దాకా సైమన్ న్యూకమ్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త కాంతి వేగాన్ని కొలిచాడు. పొటోమాక్ నది ఒడ్డున ఫోర్ట్ మైయర్ దగ్గర గిర్రున తిరిగే అద్దం నుంచి కాంతిని పంపితే, అది వాషింగ్టన్ మాన్యుమెంట్ అడుగున పెట్టిన అద్దానికి తగిలి వెనక్కి వచ్చేది. రానూ పోనూ సుమారు 7,442 మీటర్లు. అంత దూరం పోయి రావడానికి కాంతికి పట్టేది సెకనులో నలభై వేలో వంతు. ఆ కాలాన్ని అతను నానోసెకన్ల దాకా లెక్కగట్టాడు. అలా తీసిన రీడింగుల్లో 66 ఇప్పటికీ స్టాటిస్టిక్స్ చదివేవాళ్ల చేతుల్లో తిరుగుతున్నాయి. ఒక్కో రీడింగు నుంచి 24,800 నానోసెకన్లు తీసేయగా మిగిలినదే పట్టికలో రాస్తారు. 28 అని ఉంటే 24,828 నానోసెకన్లు పట్టిందని అర్థం.

```
28 26 33 24 34 -44 27 16 40 -2 29
22 24 21 25 30 23 29 31 19 24 20
36 32 36 28 25 21 28 29 37 25 28
26 30 32 36 26 30 22 36 23 27 27
28 27 31 27 26 33 26 32 32 24 39
28 24 25 32 25 29 27 28 29 16 23
```

మీడియన్‌కి బూట్‌స్ట్రాప్ ఎలా చేయాలని మా టీంలో కొత్తగా చేరినవాళ్లు అడిగితే నేను ముందు ఈ పట్టికే ఇస్తాను. చిన్నది, నిజమైనది. మన ఆఫీసు డేటాలో ఎదురయ్యే తలనొప్పులు చాలావరకు ఇందులోనే ఉన్నాయి. పైగా అసలు జవాబు ఎంతో ఇవాళ మనకు తెలుసు. మన రోజువారీ పనిలో ఆ సౌకర్యం దొరకదు.

పట్టికలో ముందు కళ్లకు కొట్టేవి -44, -2. మిగతావన్నీ 16కీ 40కీ మధ్యే ఉన్నాయి. మొత్తం 66 రీడింగుల సగటు 26.21. ఆ రెండింటినీ తీసేస్తే 27.75. అంటే రెండు రీడింగులే సగటును ఒకటిన్నర నానోసెకన్ల మేర కిందికి లాగుతున్నాయి. న్యూకమ్ -44ని వదిలేసి -2ని ఉంచుకున్నాడు. అప్పుడు సగటు 27.29. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నదాని మీదే జవాబు ఆధారపడటం నాకు నచ్చదు. పని చేసే మనిషి ఇష్టాయిష్టాలు లెక్కలోకి దూరే చోటు సరిగ్గా అదే. మీడియన్‌కి ఆ బాధ తక్కువ. 66 రీడింగులనూ చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే 33వదీ 34వదీ రెండూ 27. కాబట్టి మీడియన్ 27. ఆ రెండు వింత రీడింగులనూ తీసేసినా 27.5కి జరుగుతుందంతే.

సరే, 27. కానీ న్యూకమ్ అదే పరికరంతో ఇంకో 66 సార్లు కొలిచి ఉంటే అప్పుడూ 27 వచ్చేదా? ఎంత అటూ ఇటూ అయ్యేది?

సగటుకి ఈ ప్రశ్న వేస్తే జవాబు ఒక్క గీతలో అయిపోతుంది. స్టాండర్డ్ డీవియేషన్‌ని రీడింగుల సంఖ్య వర్గమూలంతో భాగిస్తే చాలు. ఇక్కడ 10.75ని 8.12తో భాగిస్తే 1.32. దీన్నే స్టాండర్డ్ ఎర్రర్ అంటారు. మీడియన్‌కీ పుస్తకాల్లో ఒక సూత్రం ఉంది: `1 / (2 · f(m) · √n)`. ఇందులో `f(m)` అంటే మీడియన్ ఉన్న చోట రీడింగులు ఎంత దట్టంగా ఉన్నాయన్న సాంద్రత. చిక్కంతా అక్కడే. ఆ సాంద్రత మన చేతిలో ఉండదు, దాన్నీ ఇదే డేటా నుంచి అంచనా వేయాలి. 26 నుంచి 28 దాకా ఉన్న 18 రీడింగులను బట్టి లెక్కేస్తే స్టాండర్డ్ ఎర్రర్ 0.68 వస్తుంది. కిటికీని కాస్త వెడల్పు చేసి 24 నుంచి 30 దాకా తీసుకుంటే 0.79. ఇరుకు చేసి 27, 28 రెండింటినే చూస్తే 0.62. కిటికీ ఎంత వెడల్పు ఉండాలో చెప్పే నాథుడు లేడు. మళ్లీ మన ఇష్టానికే వచ్చింది.

అప్పుడు చాలామందికి తట్టేది జాక్‌నైఫ్. ఒక్కో రీడింగునూ ఒకసారి పక్కన పెట్టి, మిగిలిన 65తో మీడియన్ కట్టి, ఆ 66 మీడియన్లు ఎంత చెల్లాచెదురుగా ఉన్నాయో చూడటం. మా టీంలో ఒకమ్మాయి ఇది చేసి నా దగ్గరికి వచ్చింది.

"సర్, ప్రోగ్రాంలో ఎక్కడో తప్పుంది. స్టాండర్డ్ ఎర్రర్ సున్నా వస్తోంది."

ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. మొదటి 33లో ఏది తీసేసినా మధ్యలోకి పాత 34వది వస్తుంది. తర్వాతి 33లో ఏది తీసేసినా పాత 33వదే మధ్యలో నిలుస్తుంది. రెండూ 27. కాబట్టి 66 సార్లూ మీడియన్ 27నే, తేడా సున్నా. ఈ డేటాతో మీడియన్‌లో రవ్వంత అనిశ్చితి కూడా లేదని జాక్‌నైఫ్ చెబుతోందన్నమాట. ఇది ఈ పట్టికకే పట్టిన గ్రహపాటు కాదు. ఒక్క రీడింగు తీసేస్తే మీడియన్ పక్క మెట్టుకు జరుగుతుంది, లేదా ఉన్న చోటే ఉంటుంది. అంత చిన్న కదలికలోంచి అసలు ఊగిసలాట బయటపడదు. ఎన్ని వేల రీడింగులు తెచ్చినా మీడియన్ విషయంలో జాక్‌నైఫ్ సరైన జవాబు దగ్గరికి చేరదు. బ్రాడ్లీ ఎఫ్రాన్ 1979లో బూట్‌స్ట్రాప్‌ని ప్రతిపాదించిన వ్యాసం జాక్‌నైఫ్‌ని మళ్లీ పరిశీలించడంగానే మొదలైంది. జాక్‌నైఫ్ చేతులెత్తేసే మీడియన్ దగ్గర కొత్త పద్ధతి నిలబడుతుందని అందులో చూపించాడు.

బూట్‌స్ట్రాప్‌లో చేసేది ఇది. 66 రీడింగులనూ 66 చీట్ల మీద రాసి డబ్బాలో వేశామనుకోండి. ఒక చీటీ తీసి, అంకె రాసుకుని, చీటీని మళ్లీ డబ్బాలోనే వేసి కలిపి, ఇంకోటి తీయాలి. అలా 66 సార్లు. కొన్ని చీట్లు రెండు మూడు సార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. వచ్చిన 66 అంకెల మీడియన్ రాసుకోవాలి. ఇదంతా పది వేల సార్లు చేస్తే పది వేల మీడియన్లు చేతికొస్తాయి. న్యూకమ్ మళ్లీ మళ్లీ కొలిచి ఉంటే మీడియన్ ఎలా ఊగేదో, వాటి ఊగిసలాట దాదాపు అలా ఉంటుంది.

```python
import numpy as np
rows = """28 26 33 24 34 -44 27 16 40 -2 29
22 24 21 25 30 23 29 31 19 24 20
36 32 36 28 25 21 28 29 37 25 28
26 30 32 36 26 30 22 36 23 27 27
28 27 31 27 26 33 26 32 32 24 39
28 24 25 32 25 29 27 28 29 16 23"""
x = np.array(rows.split(), dtype=int)
rng = np.random.default_rng(1882)
idx = rng.integers(0, x.size, size=(10000, x.size))
med = np.median(x[idx], axis=1)
print(med.std(ddof=1), np.percentile(med, [2.5, 97.5]))
```

స్టాండర్డ్ ఎర్రర్ 0.68 దగ్గర వస్తుంది. కింద 2.5 శాతం, పైన 2.5 శాతం కత్తిరించగా మిగిలే 95 శాతం అవధి 26 నుంచి 28.5. సగటు చుట్టూ పైన వచ్చిన 1.32తో 95 శాతం అవధి కడితే 23.6 నుంచి 28.8 వస్తుంది, అంటే దీనికి రెట్టింపు వెడల్పు.

ఈ అంకెలను కంప్యూటర్ ఇచ్చింది కదా అని నమ్మాల్సిన పని లేదు. మీడియన్ విషయంలో చీట్లు తీయకుండానే కాగితం మీద సరిచూసుకోవచ్చు. డబ్బాలో 27 గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్న చీట్లు 34. ఒక తీతలో అలాంటి చీటీ వచ్చే అవకాశం 66లో 34. కొత్త మీడియన్ 27 దాటకుండా ఉండాలంటే 66 తీతల్లో కనీసం 34 సార్లు అలాంటి చీటీలే రావాలి. ఇది ఇంటర్‌లో చదివిన ద్విపద విభాజనమే, లెక్కిస్తే 55 శాతం వస్తుంది. ప్రతి అంకెకీ ఇలాగే చేసుకుంటూ పోతే మొత్తం బొమ్మ కనిపిస్తుంది. కొత్త మీడియన్ సరిగ్గా 27 అయ్యే అవకాశం 42 శాతం. 28 అయ్యే అవకాశం మూడో వంతుకు కాస్త తక్కువ. 27.5కి తొమ్మిదిన్నర శాతం, 26కి ఎనిమిది శాతం. మిగిలిన కాస్తా 26.5, 28.5, 29 లాంటివి పంచుకుంటాయి. పది వేల మీడియన్లకు బార్ చార్ట్ గీస్తే ఇదే ఆకారం రావాలి. రాకపోతే కోడ్‌లో లోపం ఉన్నట్టే.

ఆ చార్ట్ మాత్రం ఎప్పుడూ గీయమంటాను. ఎందుకంటే అది గంట ఆకారంలో ఉండదు. రెండు పెద్ద స్తంభాలు, వాటి మధ్య ఒక పొట్టిది, పక్కన ఇంకొన్ని. రీడింగులు పూర్ణాంకాలు కాబట్టి మీడియన్ వాటి మీదో, రెండింటి నడుమో మాత్రమే నిలబడగలదు. పైగా అది 27కి అటూ ఇటూ సమంగా లేదు, 28 వైపు బాగా ఒరిగింది. ఎందుకో పట్టికే చెబుతుంది: పేర్చిన వరుసలో 34వది 27, 35వది 28. మీడియన్ 28 గడప మీద నిలబడి ఉంది. దీన్ని చూడకుండా 0.68కి 1.96 రెట్లయిన 1.33ని 27కి అటూ ఇటూ కలిపి 25.7 నుంచి 28.3 అని రాసేస్తే ఆ ఒరుగు కనపడకుండా పోతుంది. అందుకే మీడియన్‌కి నేను స్టాండర్డ్ ఎర్రర్ కంటే శాతాల అవధికే మొగ్గు చూపుతాను.

స్తంభాల వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. కొత్త మీడియన్ 28 దాటకుండా ఉండే అవకాశం 97 శాతం. మనకు కావాల్సిన 97.5 గీత దానికి కాస్త పైనే ఉంది. వెయ్యి సార్లు మాత్రమే చేస్తే అవధి పై కొస ఎక్కువసార్లు 28.5 వచ్చినా, అడపాదడపా 28 వస్తుంది. ఒకే డేటా, ఒకే పద్ధతి, ఇద్దరు మనుషులకు రెండు జవాబులు. పది వేలకు పెంచితే ఈ గొడవ తీరిపోతుంది. అయితే ఆ పెంచడం వల్ల తగ్గేది చీట్లు తీయడంలో ఉన్న అదృష్టం పాలు ఒక్కటే. లక్ష సార్లు చేసినా అవధి 26 నుంచి 28.5గానే ఉంటుంది, ఇరుకు కాదు. దాన్ని ఇరుకు చేయగలిగేది కొత్త రీడింగులే. చీట్లు తీసే సంఖ్యను 66 నుంచి 660కి పెంచితే మాత్రం అవధి ఇరుకవుతుంది. కానీ అది తప్పు జవాబు, ఎందుకంటే న్యూకమ్ దగ్గర ఉన్నవి 66 రీడింగులే.

కోడ్‌లో ఎక్కువగా దొర్లే పొరపాటు చీటీని తిరిగి డబ్బాలో వేయకపోవడం. R భాషలో `sample(x)` అని ఊరికే రాస్తే తీసిన చీటీ వెనక్కి వెళ్లదు, `sample(x, replace = TRUE)` అని చెప్పాలి. Pythonలో `random.sample` కూడా అంతే, కావాల్సింది `random.choices`. వెనక్కి వేయకుండా 66 చీట్లూ తీస్తే ప్రతిసారీ అవే 66 అంకెలు వరుస మారి వస్తాయి, మీడియన్ ఎప్పుడూ 27నే. స్టాండర్డ్ ఎర్రర్ సరిగ్గా సున్నా కనిపిస్తే ముందు వెతకాల్సింది ఇక్కడే.

అవధిని ఇంకో దారిలో కూడా పోల్చి చూడాలి. మీడియన్‌కి ర్యాంకుల పద్ధతి ఒకటుంది. పేర్చిన వరుసలో 25వ, 42వ రీడింగులు తీసుకుంటే, వాటి మధ్య అసలు మీడియన్ పడుతుందని 96 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. ఇక్కడ అవి 26, 29. ఒక్కో మెట్టు లోపలికి జరిగి 26వ, 41వ రీడింగులు తీసుకుంటే 26, 28. నమ్మకం 93 శాతం పైచిలుకు. బూట్‌స్ట్రాప్ ఇచ్చిన 28.5 ఆ రెండింటికీ మధ్యే ఉంది. రీడింగులు నానోసెకనుకు సవరించినవి కాబట్టి, ప్రతి చీటీ అంకెకూ అర నానోసెకను లోపు యాదృచ్ఛిక జరుపు కలిపి చేసినా అవధి సుమారు 26 నుంచి 28.5 వస్తుంది. మూడు దారులూ ఒకే చోటికి చేరాయి గనుక ఈ అవధి మీద నాకు నమ్మకం కుదిరింది.

మరి ర్యాంకుల పద్ధతి ఉండగా బూట్‌స్ట్రాప్ ఎందుకు అంటే, ప్రశ్న కాస్త మారగానే ర్యాంకులు అక్కరకు రావు. ఉదాహరణకు, పైన ఇచ్చిన వరుసలో మొదటి 20 రీడింగుల మీడియన్ 25.5, తర్వాతి 46 రీడింగులది 28. మధ్యలో పద్ధతి ఏదైనా మారిందా, లేక ఇది మామూలు ఊగిసలాటేనా? రెండు మీడియన్ల తేడాకు ర్యాంకుల నుంచి నేరుగా అవధి రాదు. బూట్‌స్ట్రాప్‌లో మాత్రం రెండు డబ్బాలు పెట్టి, ఒకదాంట్లోంచి 20, ఇంకోదాంట్లోంచి 46 చీట్లు తీసి, ప్రతిసారీ తేడా రాసుకుంటే సరిపోతుంది. తేడా 2.5, దాని స్టాండర్డ్ ఎర్రర్ దాదాపు 2. ఇంత ఊగిసలాటలో మార్పు వచ్చిందని చెప్పలేం. అంతకంటే ముఖ్యం, 20 దగ్గర కోయడం డేటాను చూశాక పుట్టిన ఆలోచన. అలాంటి కోతకు ఈ స్టాండర్డ్ ఎర్రర్ కూడా తక్కువే అనుకోవాలి.

ఈ లెక్కలో ఒక జాగ్రత్త ఉంది. మొత్తం మీడియన్‌కి చీట్ల వరుసతో పని లేదు. కానీ ముందు, తర్వాత అని విడగొట్టగానే వరుస ప్రాణమైపోతుంది. న్యూకమ్ రీడింగులు రెండు వరుసల్లో చలామణిలో ఉన్నాయి. ఎక్కువగా అచ్చయ్యే ఈ వరుసలో వింత రీడింగులు రెండూ మొదటి పదిలోనే ఉన్నాయి. Rలోని `MASS` ప్యాకేజీ ఇచ్చే `newcomb`లో -44 రెండో స్థానంలో, -2 యాభై దాటాక ఉంటాయి. అంకెలు అవే, వరుస వేరు. కాలక్రమం అనుకుని ఒక ఫైలుని విడగొట్టే ముందు అది నిజంగా కాలక్రమమో కాదో కనుక్కోవాలి. రీడింగులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే, అంటే ఉదయం పరికరం కాస్త అటు జరిగితే ఆ పూట రీడింగులన్నీ అటే జరిగితే, చీట్లను విడివిడిగా తీయడమే తప్పవుతుంది. ఆ పూట చీట్లన్నీ ఒక కట్టగా కట్టి, కట్టలనే తీయాలి. విడివిడిగా తీస్తే అవధి ఉండాల్సిన దానికంటే ఇరుకుగా వస్తుంది.

ఇక అసలు జవాబు. కాంతి వేగం ఇవాళ మనకు కచ్చితంగా తెలుసు. న్యూకమ్ దూరానికి, గాలిలో ప్రయాణానికి సరిచేసి ఈ స్కేలు మీద పెడితే అది 33. మన అవధి 26 నుంచి 28.5. అసలు విలువ దాని బయట ఉంది. అదీ అంచులో కాదు, చాలా దూరంగా. మీడియన్‌కీ దానికీ మధ్య ఆరు నానోసెకన్లు, అంటే స్టాండర్డ్ ఎర్రర్‌కి దాదాపు తొమ్మిది రెట్లు. ఈ దూరంలో ఒక్కో నానోసెకను తేడా వేగంలో సెకనుకు 12 కిలోమీటర్ల తేడా చూపిస్తుంది.

బూట్‌స్ట్రాప్ లెక్క తప్పలేదు. అదే పరికరంతో, అదే దూరం మీద, అదే మనిషి మళ్లీ కొలిస్తే మీడియన్ ఎంత ఊగుతుందన్నదే అది చెప్పింది, సరిగ్గానే చెప్పింది. పరికరమే అన్ని రీడింగులనూ ఒకే వైపు జరిపి ఉంటే, ఆ జరుపు 66 చీట్లలోనూ సమానంగా ఉంటుంది. చీట్లను ఎన్నిసార్లు కలిపినా అది బయటపడదు. ఇంకో పరికరంతోనో, ఇంకో దూరం మీదో కొలిచిన రీడింగులు పక్కన పెట్టి చూస్తేనే దాని జాడ తెలుస్తుంది. మా పనిలోనూ ఇంతే: ఒకే మీటర్‌తో, ఒకే కౌంటర్ దగ్గర, ఒకే ఫారంలో సేకరించిన డేటా మీద ఎంత చక్కటి అవధి వచ్చినా, ఆ మీటర్ తప్పు అవధిలో ఉండదు.

అందుకే రిపోర్టులో ఒక్క అంకె, ఒక్క అవధి రాసి వదిలేయను. ఈ డేటాకైతే ఇలా రాస్తాను: "66 రీడింగుల మీడియన్ 27 (24,827 నానోసెకన్లు). 10,000 బూట్‌స్ట్రాప్ నమూనాల నుంచి శాతాల పద్ధతిలో 95 శాతం అవధి 26 నుంచి 28.5, సీడ్ 1882. రీడింగులేవీ తొలగించలేదు. రీడింగులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని భావించాం. ఈ అవధిలో పరికరం, దూరం కొలతల వల్ల వచ్చే స్థిర దోషం కలవలేదు." చివరి వాక్యాన్ని కొట్టేయమని అడిగేవాళ్లు ఉంటారు, రిపోర్టు బలహీనంగా కనిపిస్తుందని. వాళ్లకు 33ని చూపిస్తాను.